చెప్పాలా, రాయాలా, కనిపించాలా?

2008లో డ్రూ హ్యూస్టన్ అనే పాతికేళ్ల అమెరికన్ యువకుడు తన కంప్యూటర్ తెరను రికార్డు చేసి, దాని మీద తన గొంతుతోనే వివరణ చెప్పి, మూడు నాలుగు నిమిషాల వీడియో ఒకటి తయారుచేశాడు. అందులో అతని ముఖం ఎక్కడా కనిపించదు. తెర మీద బాణం గుర్తు కదులుతుంటుంది, ఒక ఫైలును ఒక ఫోల్డరులో వేస్తాడు, అది మరో కంప్యూటరులో ప్రత్యక్షమవుతుంది. అతను మాత్రం పక్కన కూర్చున్న స్నేహితుడికి చూపిస్తున్నట్టు మాట్లాడుతుంటాడు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు డ్రాప్‌బాక్స్. అప్పటికి ఇంకా అందరి చేతికీ రాలేదు. సాంకేతిక విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎక్కువగా చూసే డిగ్ అనే వెబ్‌సైట్లో ఆ వీడియో పెట్టాక, ఒక్క రాత్రిలో ఎదురుచూసేవాళ్ల జాబితా 5 వేల నుంచి 75 వేలకు పెరిగింది.

ఈ కథను చాలామంది చెప్పుకుంటారు. ఆ వీడియోలో గొంతే ఎందుకు వాడారు, ముఖం ఎందుకు లేదు, అక్షరాలు ఎందుకు పరుగులు తీయలేదు అన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. చిన్న సాఫ్ట్‌వేర్ తయారుచేసి, చేతిలో ఉన్న పదీ ఇరవై వేల రూపాయలతో ప్రకటన తీయాలనుకునేవాళ్లకు నిజంగా పనికొచ్చేది ఆ సంగతే.

డ్రాప్‌బాక్స్ చేసే పని ఒక కదలిక. ఇక్కడ వేసింది అక్కడ కనిపించాలి. చూసేవాడి కన్ను ఆ కదలికను తప్పిపోకూడదు. ఆ క్షణంలో తెర కింద ఒక వాక్యం వేస్తే కన్ను కిందికి దిగుతుంది, అసలు అద్భుతం పైన జరిగిపోతుంది. మూలన మాట్లాడే ముఖం పెడితే కన్ను ముఖం మీదికి పోతుంది, ఎందుకంటే మనిషి ముఖం ఎక్కడున్నా మన చూపు ముందు దాన్నే వెతుక్కుంటుంది. కాబట్టి కంటిని తెరకు వదిలేసి, వివరణ బాధ్యతను చెవికి అప్పగించాడు హ్యూస్టన్. పైగా డిగ్ చదివేవాళ్లకే అర్థమయ్యే చమత్కారాలను ఫైళ్ల పేర్లలో, బొమ్మల్లో ఇరికించాడు. చూపు తెర మీద నిలిచింది కాబట్టే అవీ వాళ్ల కంటపడ్డాయి.

సబ్బు ప్రకటనకూ సాఫ్ట్‌వేర్ ప్రకటనకూ ఉన్న తేడా ఇక్కడే మొదలవుతుంది. సబ్బు చుట్టూ ఖాళీ ఉంటుంది, అక్కడ ఏ మాటైనా రాసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ తెర అప్పటికే అక్షరాలతో నిండి ఉంటుంది. మెనూలు, బటన్లు, పేర్లు, అంకెలు అన్నీ చదవాల్సినవే. దాని మీద మళ్లీ అక్షరాలు వేయడమంటే రాసిన పలక మీదే మళ్లీ రాయడం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖలో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ఈ ఇబ్బందిని ప్రయోగాలు చేసి చూపించాడు. మెరుపు ఎలా పుడుతుందో చెప్పే చిన్న యానిమేషన్‌ను కాలేజీ విద్యార్థులకు చూపించారు. కొందరికి బొమ్మ, గొంతు మాత్రమే. మరికొందరికి బొమ్మ, గొంతు, వాటితో పాటు ఆ గొంతు చెప్పేదంతా తెర కింద అక్షరాల్లో. మూడూ అందినవాళ్లకు ఎక్కువ అర్థం కావాలి కదా అనిపిస్తుంది. 2001లో అచ్చయిన ఆ ఫలితాల్లో తక్కువ అర్థమైంది వాళ్లకే. కన్ను బొమ్మకూ అక్షరాలకూ మధ్య పరుగెత్తి అలసిపోయింది. ఇంకో మాట కూడా ఉంది. 2008లో మేయర్, చెరిల్ జాన్సన్ కలిసి చేసిన ప్రయోగంలో, వాక్యమంతా కాకుండా రెండు మూడు మాటలు మాత్రమే, అదీ బొమ్మలో సంబంధిత భాగం పక్కనే పెడితే, అవి సాయపడ్డాయి. అంటే అక్షరాలు వేయడంలో తప్పేమీ లేదు. గొంతు చెప్పిన వాక్యాన్నే పూర్తిగా అచ్చువేసినట్టు పక్కన పెట్టడం దెబ్బతీస్తుంది.

ఇదంతా ఒక తెలుగు ఉదాహరణలో పెట్టి చూద్దాం. పల్నాడులో ఒక చిన్న పట్నం అనుకోండి. ఇద్దరు మిత్రులు ఎరువులు, పురుగుమందుల దుకాణాల కోసం అరువు లెక్కల యాప్ ఒకటి తయారుచేశారు. ఆ వ్యాపారం నడిచేదే అరువు మీద. జూన్‌లో విత్తనాలు, తర్వాత ఎరువులు, మందులు తీసుకెళ్లిన రైతు, పత్తో మిరపో అమ్ముకున్నాకే బాకీ కడతాడు. దుకాణంలో లావుపాటి ఖాతా పుస్తకాలు ఉంటాయి. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ముగ్గురుంటారు. ప్రకటనకు మిత్రుల దగ్గర 20 వేల రూపాయలున్నాయి. అందులో 15 వేలు ప్రకటనను జనానికి చూపించడానికే పక్కన పెట్టాలి. అంటే తీయడానికి మిగిలింది 5 వేలు.

ఏ రూపంలో తీయాలన్న ప్రశ్నను వాళ్లు ముందుగా అడగకూడదు. కొనేవాడి మనసులో ఏ అనుమానం ఉందన్నది ముందు తేల్చుకోవాలి. దుకాణదారుకు మూడు అనుమానాలుంటాయి. ఇది నా పుస్తకం కంటే తొందరగా పని చేస్తుందా? నా ఖాతాదారుల వివరాలు ఇంకెవరి చేతికైనా పోతాయా? రేపు ఇది ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి? మొదటి అనుమానానికి జవాబు తెర మీద ఉంది, చూపిస్తే చాలు. మిగిలిన రెండింటికీ తెర మీద జవాబు లేదు. ఆ జవాబు ఒక మనిషి ఇవ్వాలి.

మొదటి పని గొంతుది. మిత్రులు ముందుగా రాసుకున్న వాక్యం ఇలా ఉందనుకుందాం: ‘రైతుల బాకీల సమర్థ నిర్వహణకు సంపూర్ణ పరిష్కారం’. ఇది చెవికి ఎక్కదు. తెరలో ఏం జరుగుతోందో దీనికి తెలియదు. గొంతు చెప్పే మాట తెరలో కదిలే వేలును పట్టుకుని నడవాలి. మార్చి రాస్తే ఇలా వస్తుంది:

‘వెంకటేశ్వర్లు పేరుతో మీకు ఎంతమంది ఖాతాదారులు? పుస్తకంలో వెతకక్కర్లేదు. ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు కొట్టండి. ఇదిగో, ఆయన బాకీ. ఏ రోజు, ఏ మందు, ఎంత, అన్నీ ఒకేచోట. డబ్బు కట్టగానే ఇక్కడ నొక్కండి. రసీదు ఆయన ఫోనుకు వెళ్లిపోతుంది.’

ముప్ఫై మాటలకు కాస్త అటూఇటూ. నింపాదిగా చదివితే, మధ్యలో తెర మారడానికి విరామాలతో కలిపి, ఇరవై సెకన్లు పడుతుంది. ఇంగ్లీషు ప్రకటనల వాళ్లు అరనిమిషానికి డెబ్భై మాటల దాకా రాస్తారు. ఆ లెక్కను తెలుగుకు తెచ్చుకుంటే ఊపిరి ఆడదు. ‘వెతకక్కర్లేదు’ అన్న ఒక్క తెలుగు మాటలో ఇంగ్లీషు మాటలు నాలుగు ఇమిడి ఉన్నాయి. అరనిమిషానికి నలభై, నలభై అయిదు మాటలు దాటకుండా రాసి, గడియారం పెట్టుకుని గట్టిగా చదివి చూసుకోవడం మేలు. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ సమయమే వస్తుంది.

గొంతును ముందు రికార్డు చేసి, తెర రికార్డింగును దానికి తగ్గట్టు కత్తిరించాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. యాప్ నడుపుతూ అప్పటికప్పుడు మాట్లాడతారు. తెర లోడయ్యేదాకా ‘ఆ... ఇప్పుడేమో...’ అంటూ సాగదీస్తారు. తర్వాత ఎంత కత్తిరించినా ఆ తడబాటు పోదు. గొంతు ముందుంటే, ‘ఇదిగో’ అన్న మాట దగ్గరే బాకీ అంకె తెర మీదికి వచ్చేలా అమర్చవచ్చు. ఆ ఒక్క సరిపోలిక కుదిరిందంటే ప్రకటన సగం కుదిరినట్టే. అంకె అర సెకను ముందే వచ్చేస్తే చూసేవాడికి అది కంటపడదు. ఆలస్యంగా వస్తే ‘ఏది?’ అని వెతుక్కుంటాడు.

రికార్డింగుకు స్టూడియో అక్కర్లేదు. వెయ్యి రూపాయల్లో దొరికే కాలర్ మైకు, బట్టల బీరువా ఉన్న చిన్న గది సరిపోతాయి. ఫ్యాను, ఏసీ ఆపాలి. ఫ్రిజ్ గోడ అవతల ఉన్నా దాని మోత మైకులోకి వస్తుంది. గది పనికొస్తుందా లేదా తెలియాలంటే మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టాలి. చప్పుడు తర్వాత చిన్న మోగుడు వినిపిస్తే ఆ గది వద్దు, లేదంటే గోడలకు దుప్పట్లు వేలాడదీయాలి. ఖర్చు తక్కువ ప్రకటనల్లో బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు. బావిలోంచి వచ్చినట్టున్న గొంతును మాత్రం ఓర్చుకోరు. వెంటనే ఇదేదో చవకబారు సరుకు అనే ముద్ర పడిపోతుంది.

ఇంకో చిక్కు తెలుగువాళ్లకే ప్రత్యేకం. తెర మీద బటను పేరు Save అని ఉంటుంది. గొంతు మాత్రం ‘వివరాలను భద్రపరచండి’ అంటుంది. దుకాణదారు కన్ను తెరంతా ‘భద్రపరచు’ కోసం వెతుకుతుంది. గొంతు ‘సేవ్ నొక్కండి’ అనాలి. భాషాభిమానం ఉన్నవాళ్లకు ఇది ముల్లులా గుచ్చుకోవచ్చు. అలాంటప్పుడు మార్చాల్సింది యాప్‌లో బటను పేరును. బటను ఒకటి, మాట మరొకటి ఉంటే నష్టపోయేది చూసేవాడే.

గొంతుకు ఉన్న అసలు బలం తర్వాత తెలుస్తుంది. అదే తెర రికార్డింగు మీద తెలంగాణ యాసలో ఒక గొంతు, బళ్లారి, రాయచూరు దుకాణాల కోసం కన్నడలో ఒక గొంతు పెట్టుకోవచ్చు. ఖర్చు ఒక పూట పని. ముఖం చూపించి మాట్లాడిన ప్రకటనకు ఆ వెసులుబాటు లేదు. పెదవులు ఒకటంటాయి, చెవికి మరొకటి వినిపిస్తుంది.

అయితే గొంతు వినబడని చోట ఏం చేయాలి?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో స్క్రోలు చేస్తూ పోయేవాళ్లలో ఎంతోమంది శబ్దం లేకుండానే వీడియోలు చూస్తారు. తమ సొంత పరీక్షల్లో వీడియో ప్రకటనకు క్యాప్షన్లు పెడితే చూసే సమయం సగటున 12 శాతం పెరిగిందని ఫేస్‌బుక్ 2016లో ప్రకటించింది. యూట్యూబ్ సంగతి వేరు. అక్కడికి జనం వినడానికే వస్తారు, ప్రకటనకు ముందూ వెనకా శబ్దం ఉంటుంది. అందుకని ఎక్కడ చూపిస్తారన్నది ఎలా తీస్తారన్నదాన్ని శాసిస్తుంది. ఒకే వీడియోను రెండు చోట్లా వేస్తే ఒకచోట సగం ప్రాణంతోనే ఉంటుంది.

అక్షరాలతోనే నడిచిన గొప్ప సాఫ్ట్‌వేర్ ప్రకటన ఏదంటే గూగుల్ తీసిన ‘పారిసియన్ లవ్’ను చెప్పాలి. 2010 ఫిబ్రవరిలో అమెరికా సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ మధ్యలో టీవీలో వచ్చింది. నిమిషం లోపే ముగుస్తుంది. ఒక్క మనిషీ కనిపించడు, వివరణ చెప్పే గొంతూ ఉండదు. వెతుకుడు పెట్టెలో ఎవరో అక్షరాలు కొడుతుంటారు, పియానో సంగీతం నడుస్తుంటుంది. పారిస్‌లో చదువుకోవడం గురించి మొదటి వెతుకులాట. తర్వాత అక్కడి కాఫీ హోటళ్లు, ఫ్రెంచి మాటకు అర్థం, దూరంగా ఉన్న ప్రేమను నిలుపుకోవడానికి సలహాలు, విమానం, చర్చి, చివరికి పసిపాప ఉయ్యాల మంచం బిగించే విధానం. ఒక జీవితం గడిచిపోతుంది. చూసేవాళ్ల గొంతు పూడుకుపోతుంది.

దాన్ని చూసి మురిసిపోయి ‘మనమూ అక్షరాలతోనే తీద్దాం’ అనుకునే ముందు ఒక్క విషయం గమనించాలి. ఆ ప్రకటనలో అక్షరాలు సాఫ్ట్‌వేర్ మీద అతికించినవి కావు. గూగుల్ వాడటమంటేనే ఆ పెట్టెలో అక్షరాలు కొట్టడం. కన్ను రెండు చోట్లకు పోవాల్సిన అవసరమే లేదు. అరువు లెక్కల యాప్‌కు ఆ అదృష్టం లేదు. అక్కడ అక్షరాలు, తెర పక్కపక్కనే పోటీ పడతాయి.

ఆ పోటీని తీర్చే ఉపాయం ఒకటుంది. అక్షరాలు ఉన్నప్పుడు తెర కదలకూడదు, తెర కదిలేటప్పుడు అక్షరాలు ఉండకూడదు. ‘చివరి నాలుగు అంకెలు కొట్టండి’ అని వేసి, తెరను బొమ్మలా నిలిపేయాలి. చదవడం అయ్యాక అక్షరాలు తీసేసి అప్పుడు వేలు కదిలించాలి. అది ఎంతసేపు ఉంచాలో తెలుసుకోవడానికి ఆ వాక్యాన్ని పైకి నెమ్మదిగా రెండుసార్లు చదివితే చాలు. నాలుగు మాటలకు మూడు సెకన్లు దాటుతుంది. ఆ తర్వాత తెరను చూడటానికి మరో రెండు సెకన్లు. ఇలా లెక్క వేసుకుంటూ పోతే గొంతుతో ఇరవై సెకన్లలో అయిపోయిన కథ అక్షరాలతో ముప్ఫై అయిదు సెకన్లకు సాగుతుంది. అక్షరాలు చవక అనుకునేవాళ్లు ఈ ఖర్చును లెక్కలో వేసుకోరు. సమయం సరిపోవడం లేదని వాక్యాలను తొందరపెడితే ఎవరూ చదవలేరు. కొన్ని అడుగులను తీసేసి, బాకీ అంకె కనిపించే ఒక్క ఘట్టాన్నే పెద్దది చేసి చూపించడం దానికంటే నయం.

తెలుగు అక్షరానికి కింద వత్తు, పైన గుడి ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరసల ఎడంలో తెలుగు పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. ఎడం పెంచాలి, రెండు వరసలు మించకూడదు, సన్నపాటి గీతల ఫాంటు ఫోను తెర మీద కరిగిపోతుంది. రామభద్ర, మండలి, మల్లన్న వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పొంచి ఉంటుంది. అడోబీ ప్రీమియర్ లాంటివాటిలో దక్షిణాసియా లిపుల అమరికను సెట్టింగుల్లో ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. ‘రైతన్న’లో నకార వత్తు కిందికి దిగకుండా పొల్లుతో పక్కన నిలబడిపోతుంది. ఎడిటరుకు తెలుగు చదవడం రాకపోతే ఆ తప్పు అలాగే అచ్చయిపోతుంది. తయారైన వీడియోను తెలుగు బాగా చదివే మనిషి ఒకసారి చివరిదాకా ఆపి ఆపి చూడాలి.

నిలువు వీడియోలో అక్షరాలు ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. రీల్స్‌లో కింది భాగాన్ని పేజీ పేరు, బటన్లు కప్పేస్తాయి. అక్కడ వేసే ప్రకటనల్లో పైన 14 శాతం, కింద 35 శాతం మేర ముఖ్యమైన రాతలేవీ పెట్టవద్దని మెటా సంస్థే చెబుతోంది. సినిమా సబ్‌టైటిల్ అలవాటుతో అడుగున ఫోన్ నంబరు వేసినవాళ్లు ఆ నంబరు ఎవరికీ కనిపించలేదని వారం తర్వాత గ్రహిస్తారు.

ఇక్కడ చట్టం మాట కూడా ఉంది. ‘ఉచితం’ అని గొంతు తెలుగులో చెప్పి, మొదటి నెలకే ఉచితమన్న షరతును మూలన ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో వేయడం మన దగ్గర తరచూ చూస్తుంటాం. తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో ఏ భాషలో చెప్పుకున్నారో షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి. గొంతుతో చెప్పినదానికి షరతు ఆ గొంతుతో పాటే తెర మీద కనిపించాలి. పల్లెలో దుకాణం నడిపే మనిషి డబ్బు అది. షరతును అతని కళ్లకు అందేలా పెట్టడం చట్టం లేకపోయినా చేయాల్సిన పని.

మరి మనిషి ముఖం? డాలర్ షేవ్ క్లబ్ పేరు ఇక్కడ తప్పకుండా వస్తుంది. 2012 మార్చిలో ఆ సంస్థ స్థాపకుడు మైకేల్ డుబిన్ గోదాములో నడుస్తూ కెమెరా కళ్లలోకి చూసి నిమిషంన్నర మాట్లాడాడు. వీడియో ఖర్చు 4,500 డాలర్లు. రెండు రోజుల్లో 12 వేల ఆర్డర్లు వచ్చాయి. అది సాఫ్ట్‌వేర్ కాదు, గడ్డం గీసుకునే బ్లేళ్లు. పోల్చేటప్పుడు ఆ తేడాను మరవకూడదు. బ్లేడు ఏం చేస్తుందో ఎవరికీ వివరించక్కర్లేదు. తెలియనిదల్లా ఈ మనిషి ఎవరు, ఇతని దగ్గర ఎందుకు కొనాలి అన్నదే. కాబట్టి ఆ ఒకటిన్నర నిమిషం మొత్తాన్నీ ముఖానికి ఇవ్వగలిగారు. పైగా డుబిన్ రంగస్థలం మీద హాస్యం నేర్చుకున్నవాడు. ఆ నేర్పు డబ్బు లెక్కలో కనిపించదు.

యాప్ విషయంలో ముఖం మొదటి అనుమానాన్ని తీర్చలేదు. ‘మా యాప్ చాలా సులువు’ అని ఎవరెంత నమ్మకంగా చెప్పినా, నాలుగు అంకెలకు బాకీ కనిపించిన క్షణానికి సాటి రాదు. కానీ రెండో, మూడో అనుమానాల దగ్గర గొంతు, అక్షరాలు రెండూ చేతులెత్తేస్తాయి. ‘మీ వివరాలు భద్రం’ అని అచ్చువేసిన మాట ఎవరిదైనా కావచ్చు. అదే మాట ఒక మనిషి కళ్లలోకి చూస్తూ, తన ఊరి పేరు చెప్పి అంటే అది పూచీ అవుతుంది. అందుకని మిత్రులు చివరి ఎనిమిది సెకన్లు ముఖానికి ఇవ్వాలి: ‘ఈ యాప్ తయారుచేసింది మేమేనండి. ఇబ్బంది వస్తే ఈ నంబరుకు చేయండి, నేనే మాట్లాడతాను.’ నంబరు అక్షరాల్లో వస్తుంది. ఆ మనిషి నిజంగా ఫోను ఎత్తేవాడే అయి ఉండాలి. కిరాయి నటుడితో ఈ మాట చెప్పించకూడదు.

ఖరీదైన స్టూడియో లేదని దిగులు పడక్కర్లేదు. ఎడెక్స్ ఆన్‌లైన్ పాఠాల మీద ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ప్రకటించిన పరిశీలనలో, 69 లక్షల సార్లు వీడియోలు చూసిన రికార్డులను తిరగేశారు. పెద్ద ఖర్చుతో స్టూడియోలో తీసినవాటి కంటే ఉపాధ్యాయుడు తన బల్ల దగ్గర కూర్చుని చెప్పినవి విద్యార్థులను ఎక్కువసేపు నిలబెట్టాయి. వట్టి స్లయిడ్ల కంటే మధ్యమధ్యలో ముఖం కనిపించినవి మెరుగ్గా ఉన్నాయి. అవి పాఠాలు, ఇవి ప్రకటనలు అన్న తేడా ఉన్నా, మాట్లాడే మనిషి తన చోట తాను ఉండటంలో ఒక బలం ఉందని తెలుస్తోంది. మిత్రులకైతే ఎరువుల బస్తాల ముందు నిలబడటమే తగిన చోటు.

ముఖం ఎక్కడ చెడిపోతుందంటే కళ్ల దగ్గర. కాగితం చూసి చదువుతుంటే కళ్లు పక్కకు జారుతాయి. ఫోను తెర మీద తన బొమ్మను తానే చూసుకుంటే చూపు కెమెరాకు కాస్త కిందికి పోతుంది, చూసేవాడికి అబద్ధంలా అనిపిస్తుంది. కెమెరా కంటి ఎత్తులో ఉండాలి, వెలుగు ఎదుటి కిటికీలోంచి రావాలి, చూపు లెన్స్ రంధ్రం మీదే నిలవాలి. లెన్స్ పక్కనే ఒక మనిషిని నిలబెట్టి అతనికి చెబుతున్నట్టు మాట్లాడితే గొంతులో సహజత్వం వస్తుంది. అయితే చూపు అతని వైపు కాక లెన్స్ వైపే ఉండాలి. రెండు వాక్యాలు బట్టీపట్టడం కష్టం కాదు. ఇరవై వాక్యాలు కష్టం. అందుకే కొత్తవాళ్లకు ఎనిమిది సెకన్ల ముఖమే క్షేమం.

ముఖాన్ని మొదట పెట్టాలా చివర పెట్టాలా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. యూట్యూబ్‌లో దాటవేయగల ప్రకటనకు అయిదు సెకన్లకే స్కిప్ బటను వస్తుంది. ఆ అయిదు సెకన్లలో ‘నమస్కారం, నా పేరు...’ అని మొదలుపెడితే పేరు పూర్తయ్యేసరికి దుకాణదారు వేలు బటను మీద ఉంటుంది. ‘వెంకటేశ్వర్లు పేరుతో మీకు ఎంతమంది ఖాతాదారులు?’ అన్న ప్రశ్న అతని దుకాణంలోని ప్రశ్న. అది ముందు రావాలి. పైగా వీక్షణల లెక్కన డబ్బు తీసుకునే ఆ ప్రకటనల్లో, ముప్ఫై సెకన్లు చూస్తేనో, అంతకంటే చిన్నదైతే మొత్తం చూస్తేనో, నొక్కితేనో ఖర్చు పడుతుంది. మనకు పనికిరానివాడు అయిదో సెకనులో వెళ్లిపోతే పైసా పోదు. మొదటి వాక్యమే ‘ఇది ఎరువుల దుకాణం వాళ్లకు’ అని తేల్చి చెప్పడం వల్ల ఇంకో లాభం ఇది.

తీసేటప్పుడు నిజమైన ఖాతాదారుల పేర్లు, నంబర్లు తెర మీద ఉండకూడదు. వివరాలు భద్రమని చెప్పే ప్రకటనలోనే ఊరివాళ్ల బాకీలు బయటపడితే అంతకంటే ఘోరం లేదు. కల్పిత పేర్లతో నింపిన ఖాతా ఒకటి విడిగా పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనులో డెవలపర్ ఆప్షన్లలో Show taps ఆన్ చేస్తే వేలు తాకిన చోట చుక్క కనిపిస్తుంది. నోటిఫికేషన్లు ఆపేయాలి.

అయ్యాక పరీక్ష. ఇద్దరు ముగ్గురు దుకాణదారులకు వాళ్ల ఫోనులోనే, ఒకసారి శబ్దంతో, ఇంకొకరికి శబ్దం లేకుండా చూపించాలి. ‘బాగుందా?’ అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. ‘ఇది ఏం చేస్తుందండీ?’ అని అడగాలి. ‘ఏదో లెక్కలదంట’ అంటే గొంతు, తెర కలవలేదని అర్థం. ‘నాలుగు అంకెలు కొడితే బాకీ చూపిస్తది’ అంటే కుదిరింది. శబ్దం లేకుండా చూసినవాడు కూడా అదే మాట అనగలిగితే ఫేస్‌బుక్ రూపమూ సిద్ధమైనట్టే. ప్రకటన నడవడం మొదలయ్యాక యూట్యూబ్ చూపించే గీతలో జనం ఏ సెకనులో జారిపోతున్నారో కనిపిస్తుంది. ముఖం వచ్చిన క్షణాన గీత నిటారుగా పడితే ముఖాన్ని నాలుగు సెకన్లకు కుదించాలి. మొదటి ప్రశ్న దగ్గరే పడితే తప్పు వాక్యానిదైనా కావచ్చు, తప్పు మనుషులకు చూపిస్తుండవచ్చు.

ఆరు నెలలకు యాప్ మారుతుంది. రసీదు బటను పైనుంచి కిందికి వస్తుంది, నెల చందా పెరుగుతుంది. ధరను గొంతుతో చెప్పించి ఉంటే ఆ వాక్యం మళ్లీ రికార్డు చేయాలి. అదే గది, అదే మైకు, అదే దూరం లేకపోతే కొత్త వాక్యం అతుకులా వినిపిస్తుంది. ముఖంతో చెప్పించి ఉంటే మళ్లీ అదే చొక్కా వెతకాలి. అందుకని మారే సంగతులన్నీ, అంటే ధర, నంబరు, ఆఫరు గడువు, అక్షరాలకే అప్పగించాలి. పుస్తకంలో వెతకక్కర్లేదన్న మాట ఎన్నాళ్లయినా మారదు, అది గొంతుది. ఎడిటరు దగ్గర గొంతు, తెర రికార్డింగు, అక్షరాలు, ముఖం నాలుగూ విడివిడి పొరలుగా ఉన్న మూలం ఫైలును పని ముగిసిన రోజే అడిగి తెచ్చుకోవాలి. అది చేతిలో ఉంటే బటను మారిన నాలుగు సెకన్ల తెరను మాత్రం కొత్తగా రికార్డు చేసి, పాత గొంతు కింద పెట్టి, ఆ సాయంత్రానికే ప్రకటనను మళ్లీ బయటికి పంపవచ్చు.